రాత్రి పెగ్గు.. పగలు కునుకు

మందు తాగిన రాత్రి గురక మోత ఎక్కువవుతుంది. ఇది చాలా ఇళ్లలో తెలిసిన విషయమే. 'తాగాడుగా, మొద్దునిద్ర పోతున్నాడులే' అని సరిపెట్టుకుని ఇంట్లో వాళ్లు పక్క గదిలోకి వెళ్లి పడుకుంటారు. కానీ ఆ గురక మధ్యలో ఉన్నట్టుండి వచ్చే నిశ్శబ్దాన్ని మీరెప్పుడైనా గమనించారా? అది నిద్ర గాఢత కాదు, ఊపిరి ఆగిన సమయం. దాని ఫలితం మర్నాడు పగలంతా వెంటాడుతుంది. తెల్లవారుజామునే బండి తీసి స్టీల్‌ప్లాంటుకో, పోర్టుకో బయల్దేరే మనుషులున్న విశాఖలో దీన్ని తేలిగ్గా తీసుకోవటానికి లేదు.

గొంతు ఎందుకు మూసుకుపోతుంది?

ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గొట్టానికి మృదులాస్థి రింగులుంటాయి. అందుకే అది ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. కానీ దానికి పైన, నాలుక వెనక ఉన్న గొంతు భాగానికి అలాంటి ఆధారమేమీ లేదు. అక్కడి కండరాలే దాన్ని తెరిచి ఉంచుతాయి. వీటిలో ముఖ్యమైనది నాలుకను ముందుకు లాగి పట్టుకునే కండరం. నిద్రలో ఈ కండరాలన్నీ కాస్త వదులవుతాయి, దారి కొంత ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి గాలి వెళ్తుంటే మెత్తటి అంగిలి, కొండనాలుక అదురుతాయి. అదే గురక.

మెడ లావుగా ఉన్నవారికి, దవడ చిన్నదిగా ఉన్నవారికి, టాన్సిల్స్ పెద్దవైన వారికి ఈ దారి మొదటి నుంచే సన్నం. వదులైన నాలుక వెనక్కి జారితే పూర్తిగా మూసుకుపోవచ్చు. ఊపిరి 10 సెకన్లు గానీ, అంతకు మించి గానీ ఆగితే దాన్ని వైద్యులు 'అప్నియా' అంటారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. మెదడు ఉలిక్కిపడి క్షణకాలం మేల్కొంటుంది. ఒక్కసారిగా గుర్రుమని శబ్దం చేస్తూ ఊపిరి మళ్లీ మొదలవుతుంది. ఇంత జరిగినా తెల్లారాక మనిషికి ఏమీ గుర్తుండదు.

ఇలా ఊపిరి ఆగటం, బాగా తగ్గిపోవటం గంటకు సగటున 5 సార్ల నుంచి 15 సార్ల లోపు ఉంటే స్వల్పం. 15 నుంచి 30 వరకు మోస్తరు. 30 లేదా అంతకు మించితే తీవ్రం.

మందు చేసే మూడు పనులు

మొదటిది, నాలుక కండరాన్ని నిద్ర కంటే ఎక్కువగా వదులు చేస్తుంది. ఎప్పుడూ గురక పెట్టనివారు కూడా పార్టీ జరిగిన రాత్రి గురక పెట్టటానికి ఇదే ముఖ్య కారణం.

రెండోది, ముక్కు లోపలి పొరకు రక్తప్రసారం పెంచి ఉబ్బేలా చేస్తుంది. ముక్కు దిబ్బడగా ఉంటే గాలిని బలంగా లాగాల్సి వస్తుంది. మెత్తటి స్ట్రాతో చిక్కటి జ్యూస్ లాగినప్పుడు స్ట్రా గోడలు ఎలా అతుక్కుంటాయో, ఆ లాగుడికి వదులుగా ఉన్న గొంతు కూడా అలాగే మూసుకుపోతుంది.

మూడోది అన్నిటికన్నా ప్రమాదం. ఊపిరి ఆగినప్పుడు మనల్ని లేపే అలారం మెదడులోనే ఉంది. మందు ఆ అలారాన్ని మందగింపజేస్తుంది. మామూలుగా 15 సెకన్లకు మేల్కొని ఊపిరి తీసుకోవాల్సిన మనిషి అంతకంటే చాలాసేపు అలాగే ఉండిపోతాడు. అంటే ఊపిరి ఆగటం ఎక్కువసార్లు జరగటమే కాదు, ఆగిన ప్రతిసారీ ఎక్కువసేపు ఆగుతుంది. ఆక్సిజన్ ఇంకా కిందికి పడిపోతుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. ఈ జబ్బుకు ఇప్పటికీ వాడుతున్న సీపాప్ యంత్రాన్ని 1981లో పరిచయం చేసిన సిడ్నీ వైద్యుడు కొలిన్ సల్లివన్, ఆ మరుసటి ఏడాదే మందుకూ గురకకూ ఉన్న సంబంధంపై తన సహచరుడితో కలిసి పరిశోధన ప్రచురించారు. కేవలం గురక పెట్టేవారికి కూడా మందు తాగాక ఊపిరి ఆగటం మొదలైందని, అప్పటికే అప్నియా ఉన్నవారికి నిద్రపట్టిన తొలి గంటలో అది మరింత ముదిరిందని వారు గమనించారు.

ఒక క్వార్టర్ లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. గాజువాకలో ఉండే 46 ఏళ్ల ఉద్యోగి. 75 కిలోల బరువు, లావు మెడ, రోజూ ఎంతోకొంత గురక. మర్నాడు ఉదయం ఆరింటికి షిఫ్టు. రాత్రి ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి పది లోపల ఒక క్వార్టర్ విస్కీ తాగి, భోజనం చేసి పదింపావుకు పడుకున్నాడు.

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర విస్కీలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అంటే ఒంట్లోకి వెళ్లింది సుమారు 60 గ్రాములు. ఈ బరువున్న మనిషి శరీరం గంటకు ఇంచుమించు ఏడెనిమిది గ్రాములే ఖర్చు చేయగలదు. ఆ లెక్కన అంతా పోవటానికి దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. పదింపావుకు దిండు మీద తల పెట్టేసరికి ఇంకా ముప్పావు వంతు ఒంట్లోనే ఉంది.

వెంటనే నిద్ర పట్టేస్తుంది. 'ఒక పెగ్గేస్తే గానీ నిద్ర పట్టదు' అనేవారు చూసేది ఈ భాగాన్నే. కానీ గొంతు కండరాలు బాగా వదులై, అలారం బాగా మొద్దుబారి ఉండేది కూడా ఈ సమయంలోనే. రాత్రి ఒంటిగంట, రెండు దాటి ఆల్కహాల్ తగ్గుతున్నకొద్దీ నిద్ర ముక్కలవుతుంది. చెమటలు పట్టి మెలకువ, మూత్రానికి మెలకువ, నోరు ఎండిపోయి నీళ్లకోసం మెలకువ. మొదటి సగంలో ఊపిరి సరిగా ఆడలేదు, రెండో సగంలో నిద్ర నిలవలేదు. పావు తక్కువ ఐదుకు అలారం మోగేసరికి మంచం మీద ఆరున్నర గంటలు గడిచినా, నిజంగా దక్కిన విశ్రాంతి అందులో కొంతే.

మీటరులో సున్నా.. మెదడులో నిద్ర

మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండి బండి నడిపితే నేరం. పై లెక్కలోని ఉద్యోగిని ఉదయం ఐదున్నరకు కూర్మన్నపాలెం దగ్గర ఆపి బ్రీత్ ఎనలైజర్ పెడితే బహుశా సున్నా దగ్గరే చూపిస్తుంది. అతనూ 'దిగిపోయింది' అనే అనుకుంటాడు.

కానీ ఆ పరికరం ఊదిన గాలిలోని ఆల్కహాల్‌ను కొలుస్తుంది, నిద్ర బాకీని కొలవలేదు. రాత్రంతా పదేపదే ఉలిక్కిపడిన మెదడు పగలు ఆ బాకీని చిన్నచిన్న కునుకుల రూపంలో వసూలు చేసుకుంటుంది. కళ్లు తెరిచే ఉన్నా కొన్ని సెకన్లపాటు మెదడు నిద్రలోకి జారుకుంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి మూడు సెకన్లలో 50 మీటర్లు ముందుకు పోతుంది. హైవే మీద లారీల మధ్య ఆ 50 మీటర్లూ బండి నడిపేవారు ఎవరూ లేనట్టే. క్రేన్ క్యాబిన్‌లో కూర్చున్నవారికీ, కదిలే బెల్టుల పక్కన పనిచేసేవారికీ ముప్పు ఇంతే.

ప్రమాదం జరగకపోయినా రోజు సవ్యంగా సాగదు. పొద్దున్నే తలనొప్పి, చిరాకు, చెప్పింది మర్చిపోవటం, భోజనం కాగానే ముంచుకొచ్చే నిద్ర. ఆక్సిజన్ పడిపోయిన ప్రతిసారీ గుండె వేగం, రక్తపోటు ఎగదన్నుతాయి కాబట్టి మాత్రలు వేసుకుంటున్నా బీపీ అదుపులోకి రాకపోవచ్చు.

హ్యాంగోవరా, అప్నియానా?

ఈ లక్షణాలన్నిటినీ హ్యాంగోవర్ ఖాతాలో వేసేయటం వల్లే జబ్బు ఏళ్ల తరబడి బయటపడదు. తేడా తెలుసుకోవటానికి ఇంట్లోనే ఒక పని చేయొచ్చు. మందు తాగని ఒక రాత్రి, తాగిన ఒక రాత్రి నిద్రపట్టాక ఫోన్‌ను మంచం పక్కన పెట్టి తొలి రెండు గంటల శబ్దాన్ని రికార్డు చేయండి. ఇందుకోసం ప్రత్యేకించి తాగనక్కర్లేదు, ఎలాగూ తాగే రోజున చేస్తే చాలు.

తర్వాత విని చూడండి. గురక ఒకే తీరుగా సాగుతోందా, లేక పెరిగి పెరిగి ఆగిపోయి, నిశ్శబ్దం తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు మళ్లీ మొదలవుతోందా? ఆ నిశ్శబ్దం ఎన్ని సెకన్లు? తాగని రాత్రి కూడా ఇలా వినిపిస్తే జబ్బు ముందే ఉంది, మందు దాన్ని పెంచుతోందంతే. తాగిన రాత్రి మాత్రమే వినిపిస్తే గొంతు దారి ఇరుకన్న హెచ్చరిక అది. అయితే రికార్డింగులో ఆక్సిజన్ ఎంత పడిందో తెలియదు. శబ్దం బాగానే ఉందని జబ్బు లేదనుకోవటానికీ వీల్లేదు. తాగని రోజుల్లోనూ పగటి నిద్ర వేధిస్తుంటే డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

ఏం చేయాలి?

రికార్డింగు తీసుకుని పల్మనాలజిస్టునో, ఈఎన్‌టీ వైద్యుడినో కలవండి. పక్కన పడుకునేవారు తోడు వెళ్తే మరీ మంచిది. నిద్రలో ఏం జరుగుతోందో రోగి కంటే వారే బాగా చెప్పగలరు. అవసరమైతే రాత్రంతా నిద్రను, శ్వాసను, ఆక్సిజన్‌ను నమోదు చేసే స్లీప్ స్టడీ చేయిస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. పరీక్ష రోజు అందరూ తాగకుండానే వెళ్తారు. అప్పుడు గంటకు 12 సార్లు అని తేలితే అది స్వల్పం కిందికి వస్తుంది. కానీ వారంలో నాలుగు రాత్రులు తాగే మనిషికి ఆ నాలుగు రాత్రుల్లో లెక్క మోస్తరులోకి దాటిపోవచ్చు. అందుకే ఎంత తాగుతారో, ఎన్ని గంటలకు తాగుతారో దాచకుండా చెప్పాలి.

అప్నియా ఉండి ఇంకా చికిత్స మొదలుపెట్టనివారు మందు మానటమే క్షేమం. గురక మాత్రమే ఉన్నవారు కూడా పడుకునే ముందు కనీసం మూడు, నాలుగు గంటలు దాని జోలికి వెళ్లకూడదు. పైన చూసినట్టు క్వార్టర్ తాగితే ఆ విరామం కూడా చాలదు కాబట్టి వేళతోపాటు మోతాదూ తగ్గాల్సిందే. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకుంటే నాలుక వెనక్కి జారటం కొంత తగ్గుతుంది.

సీపాప్ యంత్రం మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచుతుంది. దాన్ని వాడేవారు చాలాసార్లు మాస్కు పెట్టుకోకుండా నిద్రపోయేది తాగిన రాత్రే. ఆ రాత్రే దాని అవసరం మరీ ఎక్కువ. ఇంట్లో వాళ్లు గుర్తుచేయాలి. మందుతో పాటు నిద్రమాత్ర అసలు వేసుకోకూడదు. రెండూ కలిస్తే అలారం ఇంకా మొద్దుబారుతుంది, ప్రాణం మీదికే రావచ్చు.

రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవారు మాత్రం ఒక్కసారిగా మానేయకూడదు. చేతులు వణకటం, మతి తప్పటం, మూర్ఛ రావటం వంటివి తలెత్తొచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. మానిన తొలి రోజుల్లో నిద్ర సరిగా పట్టదు కూడా. 'చూశావా, మందు లేకపోతే నిద్రే లేదు' అని చాలామంది మళ్లీ సీసా అందుకునేది అప్పుడే. అలవాటు పడ్డ ఒళ్లు సర్దుకోవటానికి కొన్ని వారాలు పట్టొచ్చని ఇంటిల్లిపాదీ ముందే తెలుసుకుని ఉంటే ఆ రోజులు గట్టెక్కటం తేలికవుతుంది.