గడువు దాటిన బిల్లుకు నాలుగు లేఖలు

సరుకు చేరి, బిల్లు అంది, చెల్లించాల్సిన గడువు దాటిపోయినా డబ్బు రాకపోతే అమ్మినవారు రాసే ఉత్తరాలను వ్యాపార భాషలో రిమైండర్లు అంటారు. ఒక్క ఉత్తరంతో బకాయి వసూలయ్యే సందర్భాలు ఉంటాయి కానీ, బాగా ముదిరిన బకాయికి అది చాలదు. ఒకే మాటను నాలుగుసార్లు పంపినా లాభం లేదు. ముందు లేఖ తేల్చలేని విషయాన్ని తర్వాతి లేఖ తేల్చాలి. మొదటిది బిల్లు ఎక్కడ ఆగిందో కనుక్కుంటుంది, రెండోది బాకీ ఉందన్న మాటను రాతపూర్వకంగా రాబడుతుంది, మూడోది ఆలస్యానికి అయ్యే ఖర్చును చూపిస్తుంది, నాలుగోది తర్వాత తీసుకోబోయే చర్యను తేదీతో సహా చెబుతుంది. నాలుగింటిలోనూ మర్యాద మారదు. మారేది వాటిలోని సమాచారం, అవి చేరే వ్యక్తి హోదా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాప్, చర్లపల్లిలోని పంపుల కంపెనీకి జిగ్‌లు, ఫిక్చర్లు తయారుచేసి ఇచ్చింది. 2025 జూన్ 2న సరుకు, బిల్లు రెండూ చేరాయి. సరుకు విలువ 2,00,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ 36,000, మొత్తం 2,36,000. సరుకు అందిన 30 రోజుల్లో చెల్లించాలని పర్చేజ్ ఆర్డర్‌లో ఉంది. అంటే ఆఖరి రోజు జూలై 2. ఆ రోజు గడిచినా బ్యాంకు ఖాతాలో డబ్బు పడలేదు. నెలవారీ రిటర్న్ వేసే వర్క్‌షాప్ ఈ బిల్లు తాలూకు పన్నును జూలై 20లోగా కట్టేయాలి. కొన్నవారు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ గడువు ఆగదు.

మొదటి లేఖ జూలై 7న వెళుతుంది. ఈ దశలో ఎగవేతను ఊహించకూడదు, ఎందుకంటే తొలి ఆలస్యాలకు కారణం చాలాసార్లు కాగితాల్లోనే ఉంటుంది. డెలివరీ చలాన్ మీద స్టోర్స్ ముద్ర పడకపోయి ఉండవచ్చు. సరుకు అందినట్టు స్టోర్స్ విభాగం నమోదు చేయకపోతే అకౌంట్స్ వాళ్లు బిల్లును పాస్ చేయరు. బిల్లు మీద పర్చేజ్ ఆర్డర్ నంబరు తప్పు పడి ఉండవచ్చు. అమ్మినవారు అమ్మకాల రిటర్న్ ఆలస్యంగా వేస్తే, ఆ బిల్లు కొన్నవారి GSTR-2B లో కనబడక అక్కడే ఆగుతుంది. అందుకని మొదటి లేఖ రాసేముందు సొంత కాగితాలను సరిచూసుకోవడం అవసరం. తప్పు తమ వైపు ఉంటే లేఖలోని గట్టిదనం తిరిగి తమకే తగులుతుంది.

ఆ లేఖ పొట్టిగా ఉంటే చాలు: "అకౌంట్స్ మేనేజర్ గారికి నమస్కారం. జూన్ 2 నాటి మా బిల్లు, మొత్తం 2,36,000 రూపాయలు, జూలై 2న చెల్లించవలసి ఉంది. ఇంతవరకు మా ఖాతాలో జమ కాలేదు. బిల్లు, పర్చేజ్ ఆర్డర్, స్టోర్స్ ముద్ర ఉన్న చలాన్ నకళ్లు జతచేశాము. బిల్లు మీ పుస్తకాల్లో నమోదైందా, ఏ తేదీన చెల్లింపు ఉంటుందో దయచేసి తెలియజేయగలరు. ఈలోగా చెల్లించి ఉంటే బ్యాంకు లావాదేవీ నంబరు పంపగలరు." ఇందులో మొత్తం, తేదీ, కాగితాలు, అడిగిన ప్రశ్న అన్నీ ఉన్నాయి. ఆరోపణ లేదు. ఆర్డర్ ఇచ్చిన పర్చేజ్ అధికారికి కూడా ప్రతి పంపాలి. సరుకు అవసరం ఆయనది కాబట్టి, లోపల అడిగేది చాలావరకు ఆయనే.

సమాధానం ఎలా వచ్చిందన్నదాన్ని బట్టి తర్వాతి అడుగు ఉంటుంది. "చలాన్ అందలేదు" అంటే సమస్య కాగితానిది, అది పంపితే తీరుతుంది. "మా పార్టీ దగ్గర నుంచి ఇంకా డబ్బు రాలేదు" అంటే కొన్నవారికి డబ్బు ఇబ్బంది ఉంది. అప్పుడు వాయిదాల తేదీలు రాయించుకోవాలి. "సరుకులో కొలత తేడా ఉంది" అంటే అది వివాదం. రిమైండర్లు ఆపి ముందు ఆ తేడా సంగతి చూడాలి, తేడా లేని భాగం వరకైనా చెల్లించమని అడగాలి. "వచ్చే వారం చూద్దాం" అన్నది మాత్రం ఏ కారణాన్నీ చెప్పదు. అదే మాట రెండుసార్లు వినిపిస్తే రెండో లేఖకు సమయం వచ్చినట్టే.

జూలై 21 నాటి రెండో లేఖ రెండు సంగతులు అడుగుతుంది. మొదటిది, సరుకు మీద గానీ బిల్లు మీద గానీ అభ్యంతరం ఏమైనా ఉందా అని. రెండోది, చెల్లింపు తేదీ. "సరుకు అందిన తర్వాత మీ నుంచి ఎలాంటి అభ్యంతరమూ మాకు రాలేదు. ఉంటే జూలై 28లోగా తెలియజేయండి. లేకపోతే 2,36,000 బకాయిని ధ్రువీకరిస్తూ, చెల్లించే తేదీ రాయగలరు." ఇక్కడ అడిగే ధ్రువీకరణకు చట్టంలో బలం ఉంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇలాంటి బకాయికి దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది. ఈ ఉదాహరణలో అది 2025 జూలైలో చెల్లింపు గడువు ముగిసిన దగ్గర మొదలై, 2028 జూలైతో ముగుస్తుంది. అమ్మినవారు ఎన్ని లేఖలు రాసినా ఆ మూడేళ్లు పెరగవు. గడువులోపల బాకీదారు సంతకంతో బాకీని రాతలో ఒప్పుకుంటేనో, కొంత భాగం చెల్లించి ఆ చెల్లింపుకు వారి రాత ఉంటేనో, అక్కడి నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు లెక్కపెడతారు. అందుకే రెండో లేఖ విలువ దానికి వచ్చే జవాబులో ఉంది. ఫోన్లో మాట ఇస్తే, అదే రోజు "ఈ రోజు మీరు చెప్పినట్టు ఆగస్టు 5న చెల్లిస్తారని నోట్ చేసుకున్నాము, సరేనని తెలియజేయగలరు" అని మెయిల్ పంపాలి.

మూడో లేఖ ఆగస్టు 8న ఫైనాన్స్ విభాగం అధిపతికి వెళుతుంది. ఇందులో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రస్తావన వస్తుంది. ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు, సేవలందించేవారికి ఈ చట్టం అండగా నిలుస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ నమోదు ఉన్నా ఆలస్య చెల్లింపుల రక్షణ దొరకదు. సరుకు ఇచ్చేనాటికే నమోదు చేతిలో ఉండడం మంచిది. తర్వాత చేయించుకుంటే పాత బిల్లుకు అది వర్తించదన్న వాదన ఎదురవుతుంది.

ఈ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే ఆ తేదీలోగా, ఏమైనా 45 రోజులు మించకుండా చెల్లించాలి. పర్చేజ్ ఆర్డర్‌లో 90 రోజులని రాసుకున్నా 45 రోజులే చెల్లుతుంది. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. సరుకు అందిన 15 రోజుల్లో కొన్నవారు రాతలో అభ్యంతరం చెప్పకపోతే సరుకును అంగీకరించినట్టే. గడువు దాటితే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా అసలులో కలుస్తూ చక్రవడ్డీ పడుతుంది. 2025 ఆగస్టులో బ్యాంకు రేటు 5.75 శాతం. మూడు రెట్లంటే ఏడాదికి 17.25 శాతం. ఈ బిల్లు మీద మొదటి నెల వడ్డీ 3,392 రూపాయలు, రెండో నెల 3,441. సెప్టెంబరు 2 నాటికి మొత్తం సుమారు 6,834.

దీన్ని బెదిరింపుగా రాయనక్కరలేదు: "జూలై 3 నుంచి పై చట్టం కింద వడ్డీ లెక్కలోకి వస్తోంది. పట్టిక జతచేశాము. మా ఉద్యమ్ నంబరు కింద ఉంది. ఆగస్టు 22లోగా అసలు మొత్తం అందేలా చూడగలరు." కొన్నవారికి పట్టింపు ఉండే మరో సంగతిని కూడా ఒక వాక్యంలో చేర్చవచ్చు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు డబ్బు చెల్లించకపోతే, దాని మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. చెల్లించాక దాన్ని మళ్లీ తీసుకోవచ్చు. ఈ బిల్లుకు ఆ 180 రోజులు నవంబరు 29తో నిండుతాయి, క్రెడిట్ 36,000 రూపాయలు.

అప్పటికీ కదలిక లేకపోతే సెప్టెంబరు 3న నాలుగో లేఖ. ఇది మెయిల్‌తో పాటు, అందినట్టు రుజువు దొరికేలా స్పీడ్ పోస్టులో, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు, డైరెక్టర్ల పేర వెళ్లాలి. పాత మూడు లేఖల తేదీలు, వాటికి వచ్చిన జవాబులు, అసలు, వడ్డీ వరుసగా రాసి, "సెప్టెంబరు 18లోగా 2,42,834 రూపాయలు అందకపోతే సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో దరఖాస్తు చేస్తాము" అని ముగించాలి. ఇక్కడ పొరపాట్లు రెండు జరుగుతుంటాయి. పోలీసు కేసు పెడతామనో, మార్కెట్లో పరువు తీస్తామనో రాయడం ఒకటి. అలాంటి వాక్యం అసలు బాకీని పక్కకు నెట్టి, రాసినవారి మీదే ఫిర్యాదుకు దారి ఇస్తుంది. చెప్పిన తేదీ దాటినా ఏమీ చేయకుండా ఐదో లేఖ రాయడం రెండోది. దాంతో నాలుగో లేఖలోని తేదీకి విలువ పోతుంది. సెప్టెంబరు 19న దరఖాస్తు చేసే ఉద్దేశం లేకపోతే సెప్టెంబరు 18 అని రాయకూడదు.

కౌన్సిల్ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే మధ్యవర్తిత్వ తీర్పు దారి పడుతుంది. ఆ తీర్పు కొన్నవారికి వ్యతిరేకంగా వస్తే, దాన్ని కోర్టులో సవాలు చేయడానికి ముందుగా 75 శాతం మొత్తాన్ని డిపాజిట్ చేయాలి. చట్టం 90 రోజుల్లో తేల్చమన్నా ఆచరణలో అంతకన్నా ఎక్కువ పట్టవచ్చు. అక్కడ పనికొచ్చేవి ఈ నాలుగు లేఖలూ, వాటి జవాబులూ, ముద్ర పడిన చలానే.

మధ్యలో కొంత డబ్బు వస్తే దాన్ని తిప్పి పంపకూడదు, మౌనంగా ఉంచుకోనూ కూడదు. లక్ష రూపాయలు జమైతే, ఆ రోజే "మీరు పంపిన 1,00,000 అందింది, దీన్ని జూన్ 2 బిల్లు ఖాతాలో జమ చేశాము, మిగిలిన అసలు 1,36,000, వడ్డీ హక్కు అలాగే ఉంది" అని రాయాలి. లేకపోతే అది పూర్తి పరిష్కారం కింద ఇచ్చామని తర్వాత వాదించడానికి చోటు మిగులుతుంది. వడ్డీ వదులుకోవడం అమ్మినవారి ఇష్టం. పాత ఖాతాదారుతో సంబంధం నిలవాలనుకునేవారు చాలామంది అసలు పూర్తిగా అందిన రోజున వడ్డీని వదులుకుంటారు. కానీ ఆ మాట అసలు అందాకే రాయాలి. ముందే రాస్తే మూడో లేఖలో చూపిన ఖర్చు కొన్నవారి లెక్కలోంచి తొలగిపోతుంది, చెల్లింపు తేదీ మళ్లీ జారుతుంది.