‘డేర్’ ఎక్కడ ‘డేన్’ అవుతుంది, ఎక్కడ ‘డేమ్’?

మామిడికాయ కోసిన కత్తి, మామిడికాయ కోసిన కుర్రాడు, మామిడికాయ కోసిన రోజు. మూడింటిలోనూ ‘కోసిన’ అన్న మాట ఒక్కటే. కత్తితో కోశారు, కుర్రాడు కోశాడు, ఆ రోజున కోశారు. కానీ ఆ ‘తో’, ఆ ‘న’ ఎక్కడా పైకి కనిపించవు. అయినా కత్తి తనంతట తానే కాయ కోసిందని ఏ తెలుగువాడూ పొరబడడు. వినేవాడికి లోకజ్ఞానం ఉంటుందిలే అని తెలుగు ఆ సంగతి అతనికే వదిలేస్తుంది.

జర్మన్ అలా వదలదు. కత్తి గురించి చెప్పాలంటే ‘డస్ మెస్సర్, మిట్ డేమ్ ఇహ్ డీ మాంగో గెష్నిటెన్ హాబె’ అనాలి. కుర్రాడైతే ‘డేర్ యుంగె, డేర్ డీ మాంగో గెష్నిటెన్ హట్’. రోజైతే ‘డేర్ టాక్, అన్ డేమ్...’ అని మొదలవుతుంది. మనం పేరుకు ముందు పెట్టే వర్ణనను జర్మన్లు పేరు తర్వాత ఒక కామా పెట్టి, చిన్న వాక్యంగా విప్పి చెబుతారు. క్రియ ఆ చిన్న వాక్యం చివరికి పోతుంది. కామా తర్వాత వచ్చే ‘డేర్’, ‘డేన్’, ‘డేమ్’ లాంటి మాటే సంబంధ సర్వనామం. కొత్తగా నేర్చుకునేవాళ్లు చిక్కుకునేది దాని దగ్గరే, ఎందుకంటే అది ఒకేసారి రెండు చోట్ల నుంచి ఆజ్ఞలు తీసుకుంటుంది. లింగం, వచనం వెనకున్న నామవాచకం నుంచి వస్తాయి. విభక్తి మాత్రం తానున్న చిన్న వాక్యంలో తాను చేసే పనిని బట్టి వస్తుంది.

‘మన్’ అంటే మగమనిషి, పుంలింగం. అక్కడ నిలబడ్డ మనిషి అయితే ‘డేర్ మన్, డేర్ డోర్ట్ ష్టేట్’. నిలబడింది అతనే కాబట్టి ప్రథమా విభక్తి. నాకు పరిచయమున్న మనిషి అయితే ‘డేర్ మన్, డేన్ ఇహ్ కెన్నె’. ఇక్కడ కర్త నేను, అతను కర్మ, కాబట్టి ద్వితీయ. నేను సాయం చేసే మనిషి ‘డేర్ మన్, డేమ్ ఇహ్ హెల్ఫె’. సాయం అతనికి అందుతోంది కాబట్టి చతుర్థి. అతని కారు అక్కడుంటే ‘డేర్ మన్, డెస్సెన్ ఆవ్టో డోర్ట్ ష్టేట్’, అంటే షష్ఠి. నాలుగు చోట్లా మనిషి ఒకడే, కామాకు ముందున్న ‘డేర్ మన్’ కూడా మారలేదు. మారిందల్లా కామా తర్వాతి మాట. సంస్కృతం చదివినవాళ్లకు ఇది పాత చుట్టమే. ‘యః, యం, యస్మై, యస్య’ నడిచేదీ సరిగ్గా ఈ పద్ధతిలోనే.

విద్యార్థి తప్పు చేసేది సాధారణంగా కామాకు ముందు కూడా విభక్తి మారినప్పుడు. ‘నాకు పరిచయమున్న మనిషికి సాయం చేస్తాను’ అనాలనుకోండి. ‘ఇహ్ హెల్ఫె డేమ్ మన్’ దాకా సాఫీగా వస్తుంది. నోట్లో అప్పుడే ‘డేమ్’ ఆడింది కదా, కామా తర్వాత కూడా అదే దొర్లుతుంది. అది తప్పు. సరైన వాక్యం ‘ఇహ్ హెల్ఫె డేమ్ మన్, డేన్ ఇహ్ కెన్నె’. సాయం విషయం కామా దగ్గరే అయిపోయింది, ఆ తర్వాత లెక్కలోకి వచ్చేది పరిచయం ఒక్కటే. పరీక్షించుకోవాలంటే వాక్యాన్ని రెండుగా విడగొట్టాలి. ‘ఇహ్ హెల్ఫె డేమ్ మన్’ ఒకటి, ‘ఇహ్ కెన్నె డేన్ మన్’ రెండోది. రెండో దాంట్లో మనిషి ముందు ఏ రూపం వచ్చిందో, దాదాపు అదే కామా పక్కన కూర్చుంటుంది. దాదాపు అనడానికి కారణం ఉంది: షష్ఠిలోనూ, బహువచన చతుర్థిలోనూ సంబంధ సర్వనామం ఇంకాస్త పొడుగవుతుంది. ‘డెస్’ కాస్తా ‘డెస్సెన్’, బహువచనంలో ‘డేన్’ కాస్తా ‘డేనెన్’ అవుతాయి.

రెండో వాక్యాన్ని తెలుగులో ఊహించుకుని, ‘ని’ వస్తే ‘డేన్’, ‘కి’ వస్తే ‘డేమ్’ అని గుర్తు పెట్టుకునేవాళ్లున్నారు. చాలా దూరం పనికొచ్చే ఉపాయమే. అతనికి సాయం చేశాను, అతనికి కృతజ్ఞతలు చెప్పాను: రెండూ జర్మన్‌లోనూ చతుర్థే. అతన్ని చూశాను, అతన్ని అడిగాను: రెండూ ద్వితీయే. అయితే ఫోన్ దగ్గర ఈ ఉపాయం ముంచేస్తుంది. మనం ‘అతనికి ఫోన్ చేశాను’ అంటాం, జర్మన్ క్రియ ‘అన్‌రూఫెన్’ ద్వితీయ కోరుతుంది. కాబట్టి నేను ఫోన్ చేసిన మనిషి ‘డేర్ మన్, డేన్ ఇహ్ అన్‌గెరూఫెన్ హాబె’. నమ్మకం దగ్గర కథ తిరగబడుతుంది. మనం ‘అతన్ని నమ్ముతాను’ అంటాం, వాళ్ల ‘గ్లావ్బెన్’ మనుషుల విషయంలో చతుర్థి అడుగుతుంది. ‘డేర్ మన్, డేమ్ ఇహ్ గ్లావ్బె’. ఇలాంటి క్రియలు నేర్చుకునేటప్పుడే వాటి విభక్తినీ కలిపి బట్టీ పట్టాలి, దగ్గరి దారి లేదు.

షష్ఠిలో పొరపాటు వేరే దిక్కునుంచి వస్తుంది. ‘నేను నిన్న ఎవరి కొడుక్కి ఫోన్ చేశానో ఆ పక్కింటావిడ’ అనడానికి ‘డీ నాఖ్బారిన్, డేరెన్ జోన్ ఇహ్ గెస్టర్న్ అన్‌గెరూఫెన్ హాబె’ అంటారు. కొడుకు మగవాడు కదా అని ‘డెస్సెన్’ పెట్టకూడదు. ‘డేరెన్’ ముఖం పక్కింటావిడ వైపే ఉంటుంది. ఇంకో సంగతి, ఇక్కడ ఫోన్ అందుకున్నది కొడుకు కాబట్టి ద్వితీయా విభక్తి అతనికి చెందుతుంది, ‘డేరెన్’ మాత్రం షష్ఠిలోనే కదలకుండా ఉంటుంది. దాని తర్వాత ‘డేర్, డీ, డస్’లలో ఏదీ రాదు, నేరుగా ‘జోన్’ అనేయడమే.

ఇంత నిక్కచ్చి భాష కూడా ఒకచోట చేతులెత్తేస్తుంది. పుంలింగ ఏకవచనంలో నాలుగు విభక్తులకూ నాలుగు వేర్వేరు రూపాలున్నాయి. స్త్రీలింగంలో ప్రథమకూ ద్వితీయకూ ఒకటే ‘డీ’. అందువల్ల ‘డీ ఫ్రావ్, డీ డీ లేరెరిన్ జూఖ్ట్’ అన్నారంటే వెతుకుతున్నది ఎవరో చెప్పలేం. టీచరమ్మను వెతుకుతున్న ఆవిడా, టీచరమ్మ వెతుకుతున్న ఆవిడా? జర్మన్లు సందర్భాన్ని బట్టి పోల్చుకుంటారు. ఇక్కడ మాత్రం మన ‘ను’ ఒక్క అక్షరంతో గట్టెక్కిస్తుంది. ఇద్దరూ మగవాళ్లయితే జర్మన్‌కీ ఇబ్బంది లేదు: ‘డేర్ మన్, డేర్ డేన్ లేరర్ జూఖ్ట్’ అంటే మాస్టారిని వెతికేవాడు, ‘డేర్ మన్, డేన్ డేర్ లేరర్ జూఖ్ట్’ అంటే మాస్టారు వెతికేవాడు.

నైరుతి జర్మనీలో, ముఖ్యంగా స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల స్వాబియా ప్రాంతంలో, మాండలికం మాట్లాడేవాళ్లు ఈ గొడవంతా పక్కన పెట్టేస్తారు. లింగం ఏదైనా, వచనం ఏదైనా, సంబంధ సర్వనామం చోట ‘వో’ పెట్టి కానిచ్చేస్తారు. ప్రామాణిక జర్మన్‌లో ‘వో’ అంటే ‘ఎక్కడ’. పొద్దున క్లాసులో ‘డేన్, డేమ్’ వల్లె వేసి వచ్చిన తెలుగు విద్యార్థికి సాయంత్రం బజారులో ‘డేర్ మన్, వో...’ చెవిన పడితే కాస్త ఒళ్లు మండడం సహజమే. రాతలో, పరీక్షలో అది చెల్లదు. అక్కడ ‘వో’కు చోటున్నది ముఖ్యంగా ‘నేను ఉంటున్న ఊరు’ లాంటి స్థలాల దగ్గర: ‘డీ ష్టట్, వో ఇహ్ వోనె’. అదే ఊరిని ‘ఇన్ డేర్’ అని కూడా చెప్పొచ్చు. అప్పుడు ‘డేర్’ పుంలింగ ప్రథమ కాదు, స్త్రీలింగ చతుర్థి.