ఆ తోటను అమ్మవద్దన్నాం

ముక్తేశ్వరంలో మా అబ్బాయికి సంబంధం కుదిరిన రోజున వధువు తండ్రి కట్నంతోపాటు మోటారుసైకిలు, సామాను కూడా ఇస్తామన్నారు. అందుకోసం తమ కొబ్బరితోటను అమ్మదలచారని తెలిసింది. “మీ ఇష్టం” అని ఊరుకుంటే, అదీ అడిగినట్టే అవుతుంది. కనుక మృదువుగానే అయినా స్పష్టంగా చెప్పాం: “భాయీసాబ్, మీ అమ్మాయే మాకు కానుక. తోటను అమ్మకండి. నికాహ్ మస్జిద్‌లో నిరాడంబరంగా జరిపిద్దాం.”

మహర్‌ను స్త్రీలకు సంతోషంగా చెల్లించమని దివ్యఖుర్‌ఆన్ (4:4) పురుషులనే ఆదేశించింది. హజ్రత్ అలీ (రజి) మహర్‌గా తన కవచాన్నే సమర్పించారు. వలీమా విందు కూడా వరుని బాధ్యతే. ఇక వధువు తండ్రిపై మోపవలసిన భారమేది?

మా అబ్బాయి మహర్‌ను నికాహ్ సభలోనే చెల్లించాడు. వలీమాను మా స్తోమతకు తగినట్టు మా ఇంటనే ఏర్పాటు చేశాం. ఆ తోట నేటికీ వియ్యంకులవారిదే.