అమ్మాలనుకున్న రోజున కొనేదెవరు?

2024 ఆగస్టులో ఢిల్లీకి చెందిన రిసోర్స్‌ఫుల్ ఆటోమొబైల్ అనే చిన్న కంపెనీ ఐపీఓకు వచ్చింది. దానికి ఉన్నవి రెండు యమహా షోరూంలు, పనిచేసేది ఎనిమిది మంది. అడిగింది సుమారు 12 కోట్ల రూపాయలు. దరఖాస్తులు మాత్రం దాదాపు 4,800 కోట్లకు వచ్చాయి. ఇంత చిన్న కంపెనీకి అంత గిరాకీ ఏమిటని దేశమంతా ముక్కున వేలేసుకుంది. ఆ సందడిలో ఇంకో లెక్క మరుగున పడిపోయింది. ఐపీఓ తర్వాత నష్టపోయే మదుపరులను ఎక్కువగా దెబ్బతీసేది ఆ లెక్కే.

ఆ కంపెనీ అమ్మకానికి పెట్టినవి 10,24,800 షేర్లు. ధర 117 రూపాయలు. ఒక్కో లాట్‌కు 1,200 షేర్లు. భాగిస్తే మొత్తం 854 లాట్లు. చిన్న, మధ్యతరహా కంపెనీల కోసం బీఎస్ఈ, ఎన్ఎస్ఈ 2012లో తెరిచిన ఎస్ఎంఈ విభాగాల్లో ఒక షేరు, రెండు షేర్లు కొనడం కుదరదు. కొనాలన్నా అమ్మాలన్నా లాట్ల లెక్కనే. అంటే ప్రజలకు ఇచ్చిన షేర్లన్నీ కలిపి 854 మూటలు. వాటిలో ఒక మూట ఉన్న మనిషికి ఒక మంగళవారం ఉదయం డబ్బు అవసరం పడిందనుకుందాం. అదే ఉదయం అదే మూట కొనాలని లక్ష రూపాయలకు పైగా చేతిలో పట్టుకుని ఇంకొకరు ఎదురు చూస్తూ ఉండాలి. ఉంటారా?

ఉండకపోవచ్చని సెబీకి మొదటి నుంచీ తెలుసు. అందుకే ఎస్ఎంఈ ఐపీఓలకు ఒక షరతు పెట్టింది. లిస్టయిన రోజు నుంచి మూడేళ్ల పాటు ప్రతి కంపెనీ షేరుకూ మార్కెట్ మేకర్ ఉండి తీరాలి. ఇది ఒక బ్రోకింగ్ సంస్థ. ఇష్యూలో కనీసం 5 శాతం షేర్లు ముందే తీసుకుంటుంది. ట్రేడింగ్ సమయంలో కనీసం 75 శాతం సేపు రెండు ధరలు తెర మీద ఉంచుతుంది. ఒకటి తాను కొనే ధర, రెండోది తాను అమ్మే ధర. అమ్మేవాడు వచ్చినప్పుడు కొనేవాడు లేకపోతే తానే కొంటుంది, కొనేవాడు వచ్చినప్పుడు తన దగ్గరున్న నిల్వలోంచి ఇస్తుంది. మార్కెట్ భాషలో లిక్విడిటీ ఇవ్వడం అంటే ఇదే. ఇద్దరు మనుషులు ఒకే క్షణంలో కలవాల్సిన అవసరం లేకుండా మధ్యలో తన సొంత డబ్బు, సొంత షేర్లు పెట్టి నిలబడటం.

ఊరికే ఎవరూ నిలబడరు. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లే వాళ్లకు డాలర్లు మార్చే కౌంటర్ దగ్గర రెండు రేట్లు రాసి ఉంటాయి గదా, మనం కొంటే ఒక రేటు, అమ్మితే అంతకు తక్కువ రేటు. మార్కెట్ మేకర్ సంపాదనా అలాంటి తేడాలోనే ఉంది. దాన్నే స్ప్రెడ్ అంటారు. ఇది ఎంత వరకు ఉండవచ్చో ఎస్ఎంఈ ప్రాస్పెక్టస్‌లోనే ముద్రించి ఉంటుంది. షేరు ధర 50 రూపాయల లోపుంటే అమ్మకం ధరలో 9 శాతం వరకు, 50 నుంచి 75 మధ్య 8 శాతం, 75 నుంచి 100 మధ్య 6 శాతం, 100 దాటితే 5 శాతం.

పైన చెప్పిన లాంటి షేరు ఒకటి 117 రూపాయల దగ్గర తిరుగుతోందనుకుందాం. మార్కెట్ మేకర్ 114కు కొంటానని, 120కి అమ్ముతానని పెట్టాడు. తేడా ఆరు రూపాయలు, అంటే సరిగ్గా 5 శాతం. ఉదయం పది గంటలకు ఒకరు ఒక లాట్ కొంటే 1,44,000 రూపాయలు కట్టాలి. పది నిమిషాల్లో మనసు మారి అమ్మేస్తే చేతికొచ్చేది 1,36,800. కంపెనీలో ఏమీ జరగలేదు, ధర కదల్లేదు, అయినా 7,200 రూపాయలు పోయాయి. బ్రోకరేజీ, పన్నులు దీనికి అదనం. అదే రిలయన్స్ లాంటి షేరులో మామూలు రోజున కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా పది, ఇరవై పైసల్లో ఉంటుంది. అక్కడ వేలమంది ఒకరి మీద ఒకరు పోటీపడి ధరలు పెడుతుంటారు కాబట్టి ప్రత్యేకంగా ఒకరిని నియమించి నిలబెట్టాల్సిన అవసరమే లేదు.

ఒక లాట్‌కు 7,200 అంటే మార్కెట్ మేకర్‌ది దోపిడీలా కనిపిస్తుంది. అతని వైపు నుంచి చూస్తే కథ వేరు. ఆ డబ్బు మిగలాలంటే కొనేవాడూ అమ్మేవాడూ సమానంగా రావాలి. రోజూ అమ్మేవాళ్లే వస్తే 114కు కొన్న షేర్లు అతని గోదాములో పేరుకుపోతాయి. వంద లాట్లు పేరుకున్నాక ధర ఒక్క రోజులో 5 శాతం పడిందంటే నష్టం 6,84,000 రూపాయలు. దాన్ని పూడ్చుకోవాలంటే 95 సార్లు కొని అమ్మాలి. రోజుకు నాలుగైదు లాట్లు మాత్రమే చేతులు మారే షేరులో దానికి వారాలు పడుతుంది.

అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. ఎదుటివాడు ఎందుకు అమ్ముతున్నాడో మార్కెట్ మేకర్‌కు తెలియదు. కూతురి పెళ్లికి అమ్ముతున్నాడా, లేక పెద్ద కాంట్రాక్టు రద్దయిందని ముందే తెలిసి అమ్ముతున్నాడా? మొదటివాడి దగ్గర సంపాదించిన స్ప్రెడ్ రెండోవాడి దగ్గర పోతుంది. చిన్న కంపెనీల విషయంలో విశ్లేషకుల నివేదికలు ఉండవు, వార్తలు రావు. లోపలి సంగతి తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ మధ్య దూరం ఎక్కువ. స్ప్రెడ్ వెడల్పులో పెద్ద భాగం ఈ భయానికి కట్టే వెలే. తెలియని మదుపరి చెల్లించే ఆరు రూపాయల్లో కొంత, చివరికి తెలిసిన మదుపరి జేబులోకి వెళుతుంది.

అయితే స్ప్రెడ్ అంతా ఖర్చూ భయమే అనుకోవడం కూడా పొరపాటు. 1994లో విలియం క్రిస్టీ, పాల్ షుల్ట్జ్ అనే ఇద్దరు అమెరికన్ అధ్యాపకులు నాస్‌డాక్ మార్కెట్ ధరలను పరిశీలించారు. అప్పట్లో అక్కడ ధరలు డాలరులో ఎనిమిదో వంతు చొప్పున, అంటే పన్నెండున్నర సెంట్ల మెట్లలో కదిలేవి. బాగా ట్రేడయ్యే 100 షేర్లు తీసుకుంటే 70 షేర్లలో మూడు, ఐదు, ఏడు వంటి బేసి మెట్లు దాదాపు కనిపించనే లేదు. బేసి మెట్లు వాడకపోతే స్ప్రెడ్ పావు డాలరు కంటే తగ్గదు. ఈ సంగతి పత్రికలకెక్కిన కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్, ఇంటెల్ వంటి షేర్లలో స్ప్రెడ్ హఠాత్తుగా కుదించుకుపోయింది. ముప్పైకి పైగా సంస్థలు కోర్టు దావాను ముగించుకోవడానికి వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లించాయి. డజన్ల కొద్దీ మార్కెట్ మేకర్లున్న చోటే స్ప్రెడ్ అలా నిలబడిందంటే, ఒకే ఒక్కరు ఉండే ఎస్ఎంఈ షేరులో అది తనంతట తాను తగ్గుతుందని ఆశించలేం. నిబంధన ప్రకారం ఐదుగురి వరకు ఉండవచ్చు. ఒక్కరితో సరిపెట్టుకునే కంపెనీలే ఎక్కువ.

అసలు చిక్కు అందరూ ఒకేసారి తలుపు దగ్గరకు వచ్చిన రోజున బయటపడుతుంది. మార్కెట్ మేకర్ బాధ్యతకు ఎల్లలున్నాయి. రోజులో పావు వంతు సేపు, అంటే గంటన్నరకు పైగా, అతను ధరలు పెట్టకుండా ఉండవచ్చు. పెట్టిన ధరకు కనీసం లక్ష రూపాయల సరుకు కొంటే చాలన్నది నిబంధన. అంటే సుమారుగా ఒక లాట్. పది లాట్లు అమ్మాలనుకున్నవాడికి మొదటి లాట్‌కే 114 దక్కుతుంది. రెండోదానికి అతను 112 అనవచ్చు, మూడోదానికి 109. నిల్వ పెరిగేకొద్దీ రెండు ధరలనూ కిందికి జరపడం అతని వృత్తిలో ప్రాథమిక పాఠం.

ఇక చాలామంది చదవని నిబంధన ఒకటుంది. 20 కోట్ల లోపు ఇష్యూలో మార్కెట్ మేకర్ నిల్వ, మొదట తీసుకున్న 5 శాతంతో కలిపి, ఇష్యూలో 25 శాతానికి చేరితే అతను కొనుగోలు ధర పెట్టనవసరం లేదు. 24 శాతానికి దిగాకే మళ్లీ పెట్టాలి. 854 లాట్ల ఇష్యూలో 25 శాతం అంటే 213 లాట్లు. మొదటి నుంచీ దగ్గరున్నవి 43. కాబట్టి అతను కొత్తగా మింగగలిగేది దాదాపు 170 లాట్లు, రూపాయల్లో చెప్పాలంటే సుమారు 2.3 కోట్లు. ఆ తర్వాత చట్టబద్ధంగానే పక్కకు తప్పుకుంటాడు. రోజుకు 5 శాతం పరిమితి ఉన్న షేరైతే అప్పుడు తెర మీద కొనేవాళ్ల వరుస ఖాళీగా, అమ్మేవాళ్ల వరుస మాత్రం నిండుగా కనిపిస్తుంది. ఐదు రోజులు వరుసగా లోయర్ సర్క్యూట్ పడితే 114 కాస్తా 88 దగ్గరకు వస్తుంది. ఆ దారిలో ఒక్క షేరు కూడా అమ్మలేకపోయినవాళ్లు ఉంటారు. పడిన ధర కంటే, పడుతున్నంత సేపూ బయటకు రాలేకపోవడమే వాళ్లను ఎక్కువ బాధిస్తుంది.

పలుచగా ట్రేడయ్యే షేరులో ధర అనే మాటకే బలం తక్కువ. ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ దీనికి సాక్ష్యం. ఏషియన్ పెయింట్స్ షేర్లు పెద్ద మొత్తంలో చేతిలో ఉన్న ఈ పాత కంపెనీకి మొత్తం ఉన్నవే రెండు లక్షల షేర్లు. పుస్తక విలువ షేరుకు లక్షల్లో ఉండగా, మార్కెట్ ధర మాత్రం మూడున్నర రూపాయల దగ్గర నిలిచిపోయింది. ఆ ధరకు అమ్మేవాడే లేడు. 2024 అక్టోబర్ 29న బీఎస్ఈ ధర పరిమితి లేని ప్రత్యేక వేలం పెట్టగా 3 రూపాయల 53 పైసల షేరు ఒక్క రోజులో 2,36,250 రూపాయలైంది. ఆ రోజు కంపెనీ ఆస్తులు పెరగలేదు. అంతకు ముందు తెర మీదున్నది ధర కాదు, ఎప్పుడో జరిగిన చివరి లావాదేవీ గుర్తు మాత్రమే. ఎల్సిడ్‌లో ఆ తప్పుడు గుర్తు మదుపరికి కలిసొచ్చింది. ఎక్కువ షేర్లలో అది ఎదురు తిరుగుతుంది. నలుగురు కలిసి కొద్ది లాట్లు తమలో తాము చేతులు మార్చుకుని చివరి ధరను పైకి లాగితే, డీమ్యాట్ ఖాతాలో వందల మందికి లేని లాభం కనిపిస్తుంది.

ఇలాంటి షేరును గుర్తుపట్టడానికి ట్రేడింగ్ యాప్‌లోనే కావలసినంత సమాచారం ఉంది. చివరి ధరను పక్కన పెట్టి, మార్కెట్ డెప్త్ తెరిచి, అన్నిటికంటే పైనున్న కొనుగోలు ధరనూ అమ్మకం ధరనూ చూడాలి. తేడాను అమ్మకం ధరతో భాగిస్తే ఈ క్షణాన లోపలికి వచ్చి బయటకు పోవడానికి ఎంత శాతం ఖర్చో తెలుస్తుంది. కొనుగోలు వైపు ఒక్క లాట్ మాత్రమే ఉండి, దాని కింద ధర చాలా దిగువన ఉంటే, అక్కడ ఉన్నది మార్కెట్ మేకర్ ఒక్కడే కావచ్చు. తర్వాత గత నెల రోజుల్లో రోజుకు సగటున ఎన్ని లాట్లు చేతులు మారాయో చూసుకోవాలి. రోజుకు నాలుగు లాట్లు కదిలే షేరులో పది లాట్లు ఉన్నవాడు ఒక్క రోజులో బయటపడలేడు. ఆర్డర్ పెట్టేటప్పుడు తాను ఒప్పుకునే ధర రాసి లిమిట్ ఆర్డరే పెట్టాలి. మార్కెట్ ఆర్డర్ పెడితే అది దొరికిన ధరకల్లా దిగిపోతూ, పైనున్న ఒక్క లాట్ తర్వాతి లోతు ఎంతుందో అంతా తడిమి వస్తుంది.

లిస్టయిన తేదీని కూడా చూడాలి. దానికి మూడేళ్లు కలిపితే వచ్చే తేదీ తర్వాత ఆ రెండు ధరలు తెర మీద పెట్టి తీరాలన్న నిర్బంధం ఎవరికీ ఉండదు. అప్పటికి షేరుకు సొంతంగా కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ తయారై ఉంటే తేడా తెలియదు. లేకపోతే 5 శాతం స్ప్రెడ్ కూడా చవకే అనిపించే రోజులు మొదలవుతాయి.