మెడ పట్టేసిందా? దిండు కింద కాదు, తల కింద కొలవండి

రాత్రి బాగానే పడుకుంటాం. తెల్లారి లేవబోతే మెడ ఒక పక్కకు తిరగదు. కొంచెం బలవంతం చేస్తే మెడ అడుగు నుంచి రెక్క ఎముక పైమూల దాకా చురుక్కుమంటుంది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సి వస్తుంది.

మెడలోని పై నాలుగు పూసల నుంచి రెక్క ఎముక పైమూలకు రెండు వైపులా ఒక్కో సన్నని కండరం దిగుతుంది. లెవేటర్ స్కాపులే అంటారు దాన్ని. నిద్రలో మెడ గంటల తరబడి ఒకే వంకర మీద ఉండిపోతే ఒక వైపు కండరం సాగి, రెండో వైపుది కుంచించుకుని ఉంటుంది. పూసల మధ్య ఉండే చిన్న కీళ్ల మీదా ఒత్తిడి పడుతుంది. మెలకువగా ఉన్నప్పుడైతే కాస్త ఇబ్బంది అనిపించగానే సర్దుకుంటాం, గాఢ నిద్రలో ఆ సర్దుబాటు ఆలస్యమవుతుంది. నొప్పి పుట్టిన చోటును కాపాడటానికి చుట్టుపక్కల కండరాలన్నీ బిగుసుకుంటాయి. పొద్దున మనకు తెలిసే పట్టు చాలావరకు ఈ బిగింపే. అందుకే చాలామందిలో రెండు మూడు రోజుల్లో సడలి, వారం తిరిగేలోపు పోతుంది.

బిగుసుకున్నది దానంతట అది వదలాలి తప్ప మనం విరిచి వదిలించేది కాదు. క్షౌరశాలలో తల పట్టుకుని ఠక్కున విరిపించుకునే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. దయచేసి ఆ పని చేయించుకోకండి. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు మెడ పూసల పక్కనుంచే పోతాయి. అరుదుగానే అయినా, ఆ విరుపుకు ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

ఇది మామూలు పట్టు కాదని తెలిపే గుర్తులు కొన్ని ఉన్నాయి. జ్వరం, తలనొప్పితో పాటు గడ్డం ఛాతీకి వంచలేకపోవడం, చేతిలోకి నొప్పి పాకుతూ తిమ్మిరి ఎక్కడం, పట్టు తప్పడం, నడక తూలడం, ఛాతీలో బరువు, చెమటలు, ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి, కింద పడటమో దెబ్బ తగలడమో జరిగాక వచ్చిన నొప్పి. వీటిలో ఏది ఉన్నా దిండు సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అవేవీ లేకపోతే మొదటి రోజు చేయాల్సింది తక్కువే. వేడినీళ్ల సంచిని తువ్వాలులో చుట్టి పావుగంట కాపడం పెట్టుకోండి. ఆ తర్వాత నొప్పి మొదలయ్యే గీత దాకా మాత్రమే తలను మెల్లగా రెండు వైపులా తిప్పండి. పగలంతా గంటకోసారి ఇలా చేస్తే చాలు. మెడ పట్టీ వేసుకుని కదలకుండా కూర్చుంటే పట్టు వదలడం ఆలస్యమవుతుంది. వెనక్కి తిరిగి చూడలేని స్థితిలో బండి మాత్రం నడపకండి.

అసలు లెక్క రాత్రి మొదలవుతుంది. ఒత్తిగిలి పడుకున్నప్పుడు భుజం పరుపుకు ఆనుతుంది, తల గాలిలో ఉంటుంది. ఆ తలకూ పరుపుకూ మధ్య ఉన్న ఖాళీని నింపడమే దిండు పని. ఖాళీ ఎంతన్నది దిండును బట్టి ఉండదు. మీ భుజం వెడల్పు, పరుపు ఎంత కుంగుతుందన్న రెండూ కలిసి దాన్ని తేలుస్తాయి. గట్టి పరుపు మీద భుజం పైనే ఆగిపోతుంది కాబట్టి ఖాళీ ఎక్కువ. మెత్తని ఫోమ్ పరుపులో భుజం దిగిపోతుంది కాబట్టి ఖాళీ తక్కువ.

మా పెద్దమ్మకు జరిగింది ఇదే. ఊళ్లో చెక్కమంచం మీద పలుచటి దూది పరుపు, తలకింద నిండుగా బూరుగు దూది దిండు. హైదరాబాదులో కొడుకు దగ్గరికి వచ్చాక మందపాటి ఫోమ్ పరుపు. దిండు మాత్రం వెంట తెచ్చుకుంది. వచ్చిన కొన్నాళ్లకే పొద్దున్నే మెడ పట్టేయడం మొదలైంది. దిండు మారుద్దామంటే, "పదేళ్ల నుంచీ ఇదే దిండురా, ఇప్పుడే దీనికేమొచ్చింది?" అంది.

దిండు తీసేసి ఒత్తిగిలి పడుకోమన్నాం. ఒకరు ఆవిడ తలను అరచేత్తో వెన్నుకు సూటిగా ఎత్తిపట్టుకుంటే, చెవి పైభాగం నుంచి దుప్పటి దాకా స్కేలు పెట్టి చూశాం. ఏడు సెంటీమీటర్లుంది. దిండు పెట్టి, తల ఆన్చి, దిండు బాగా అణిగాక అదే చోట కొలిస్తే పది. ఊళ్లో గట్టి పరుపు మీద ఆ పది సరిగ్గా సరిపోయేది. ఇక్కడ మూడు సెంటీమీటర్లు ఎక్కువై, రాత్రంతా తల పై భుజం వైపు ఎత్తిపట్టినట్టు ఉండిపోయేది. దిండు ఒక మూల కుట్టు విప్పి దూది పిడికెడు పిడికెడు తీస్తూ, ప్రతిసారీ వెనక నుంచి ఫోన్‌లో ఫోటో తీసి చూసుకున్నాం. తల, మెడ, వీపు గీత పరుపుకు సమాంతరంగా వచ్చాక కుట్టేశాం. పెద్దమ్మ దిండు పెద్దమ్మకే ఉంది.

ఇదే పని మీ ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. దిండు పలుచనైతే మడతపెట్టిన తువ్వాలు కింద చేర్చండి, ఎత్తైతే తగ్గించండి. అంగడిలో దిండును చేత్తో నొక్కి చూసిన ఎత్తు ఇంట్లో తల బరువుకు నిలవదు. భుజం దిండు ఎక్కకూడదు, తలా మెడా మాత్రమే ఎక్కాలి.

మెడ పట్టిన రోజుల్లో చాలామందికి హాయిగా ఉండేది వెల్లకిలా పడుకోవడం. అప్పుడు దిండు పలుచగా ఉండాలి, ఒత్తిగిలినప్పటి ఎత్తులో దాదాపు సగం చాలు. ముఖం కప్పుకేసి సూటిగా ఉండాలి, గడ్డం ఛాతీకి ఒరగకూడదు. చిన్న చేతి తువ్వాలును చుట్టగా చుట్టి గలేబు లోపల దిండు కింది అంచున పెడితే మెడ వంపుకు ఆసరా దొరుకుతుంది. నొప్పి ఉన్న వైపు మోచేతి కింద ఒక దిండు పెట్టడం మరువకండి. చేతి బరువు మెడ కండరాలను కిందికి లాగుతూ ఉంటుంది, ఆ బరువు దిండు మీదికి పోతే కండరం నిజంగా విశ్రాంతి పొందుతుంది. ఒత్తిగిలి తప్ప నిద్ర పట్టనివాళ్లు నొప్పి లేని వైపు తిరిగి, పై చేతిని ఒక దిండు మీద ఆన్చుకోవాలి.

బోర్లా పడుకోవడమే మెడకు అన్నిటికన్నా చెడ్డది. ఊపిరి ఆడాలంటే తలను ఒక పక్కకు పూర్తిగా తిప్పాల్సిందే, ఆ మెలి గంటల పాటు అలాగే ఉంటుంది. అలవాటు మానలేకపోతే ఛాతీకి ఒక పక్క పొడవాటి దిండు పెట్టుకుని సగం ఒత్తిగిలండి, మెలి సగం తగ్గుతుంది.

లేచేటప్పుడు తలను నేరుగా పైకెత్తితే మెడ ముందు కండరాలన్నీ ఒక్కసారి బిగుస్తాయి. పక్కకు దొర్లి, కాళ్లు మంచం దించి, చేతులతో పరుపును నొక్కుతూ లేవండి.

దిండు సరిచేసినా మళ్లీ మళ్లీ పడుతుంటే నొప్పి వేళను గమనించండి. లేవగానే ఎక్కువై మధ్యాహ్నానికి సడలిపోతే పడకలో ఇంకా ఏదో తేడా ఉంది. పొద్దున ఏమీ లేకుండా సాయంత్రానికి పెరుగుతుంటే కుర్చీ, ఫోను మీదికి వంగే తల కారణం కావచ్చు, అప్పుడు దిండు మార్చి లాభం లేదు. రెండు వారాలైనా వదలకపోతే డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించండి. వెళ్లేటప్పుడు మీరు పడుకున్న తీరును వెనక నుంచి తీసిన ఫోటో కూడా పట్టుకెళ్లండి.