స్పానిష్‌లో ఊహకూ ఒక కాలం

స్పానిష్‌లో భవిష్యత్ కాలాన్ని కట్టడానికి క్రియను విరగ్గొట్టనక్కర్లేదు. నిఘంటువులో కనిపించే మూలరూపాన్ని అలాగే ఉంచి, దాని చివర ప్రత్యయం తగిలిస్తే సరిపోతుంది. ‘అబ్లార్’ అంటే మాట్లాడడం. ‘అబ్లరే’ అంటే నేను మాట్లాడతాను, ‘అబ్లరాస్’ అంటే నువ్వు మాట్లాడతావు, ‘అబ్లరా’ అంటే అతడో ఆమెో మాట్లాడతారు, ‘అబ్లరాన్’ అంటే వాళ్ళు మాట్లాడతారు. ఇదే మూలరూపానికి ‘ఈయా’ చేరిస్తే ‘అబ్లరీయా’ అవుతుంది. దీన్ని ‘కొందిసియోనాల్’ అంటారు. తెలుగులో షరతు రూపం అనుకోవచ్చు. అవకాశం ఉంటే మాట్లాడేవాణ్ణి అన్నప్పుడు మనం వాడే రూపానికి ఇది దగ్గరగా ఉంటుంది.

ఈ రెండింటి పుట్టుక ఒక్కటే. వాడుక లాటిన్‌లో క్రియ మూలరూపం పక్కన ‘కలిగి ఉండు’ అనే అర్థమున్న ‘హబేరే’ క్రియను పెట్టి, ‘మాట్లాడవలసి ఉంది’ వంటి భావం చెప్పేవారు. కాలక్రమంలో ఆ రెండు మాటలూ అతుక్కుపోయాయి. వర్తమానంలోని ‘హబేరే’ అతుక్కుంటే భవిష్యత్ కాలం వచ్చింది, భూతకాలపు ‘హబేరే’ అతుక్కుంటే షరతు రూపం వచ్చింది. ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. ‘హబేరే’కు నేటి స్పానిష్ రూపాలు ఏ, ఆస్, ఆ, ఎమోస్, ఆన్. భవిష్యత్ ప్రత్యయాలు కూడా ఇంచుమించు అవే. మధ్యయుగపు స్పానిష్‌లో ఈ రెండు ముక్కల నడుమ ‘దాన్ని’, ‘మీకు’ వంటి సర్వనామాలు దూర్చేవారు కూడా. అతుకు అప్పటికింకా పూర్తిగా గట్టిపడలేదు.

పుట్టుక ఒక్కటే కాబట్టి తప్పుదారి పట్టే క్రియలు కూడా రెండు చోట్లా ఒకేలా తప్పుతాయి. ‘తెనేర్’ (కలిగి ఉండు) నుంచి ‘తెంద్రే’, ‘తెంద్రీయా’ వస్తాయి. ‘సలీర్’ (బయల్దేరు) నుంచి ‘సల్ద్రే’, ‘సల్ద్రీయా’ వస్తాయి. ఇలాంటివి పన్నెండు దాకా క్రియలు, వాటి నుంచి పుట్టినవి మరికొన్ని ఉన్నాయి. అన్నీ రోజూ వాడేవే కాబట్టి నోటికి వచ్చేస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు వీటి దగ్గర ఆగిపోవడం తక్కువ. అసలు తడబాటు రూపాల దగ్గర కాదు, వాటి వాడుక దగ్గర మొదలవుతుంది.

రోజువారీ మాటల్లో ‘రేపు వెళ్తాను’ అనడానికి స్పానిష్ మాట్లాడేవారు ఈ భవిష్యత్ కాలాన్ని అంతగా వాడరు. ‘వెళ్ళు’ అనే క్రియను వర్తమానంలో పెట్టి, దాని వెనక అసలు క్రియను చేర్చి ‘బోయ్ ఆ అబ్లార్’ అంటారు. మాట్లాడబోతున్నాను అని భావం. లాటిన్ అమెరికాలో ఈ పద్ధతి మరీ ఎక్కువ. అలాగని ‘అబ్లరే’ వంటి రూపాలు మూలన పడిపోలేదు. రాతలో, ప్రకటనల్లో, ప్రమాణాల్లో అవి నిలిచే ఉన్నాయి. మాటల్లో వాటికి మరో పని గట్టిగా స్థిరపడింది. అది ఊహించి చెప్పడం.

‘సోన్ లాస్ ఓచో’ అంటే ఎనిమిదైంది. ‘సెరాన్ లాస్ ఓచో’ అంటే ఎనిమిది అయి ఉంటుంది. రెండో వాక్యంలో క్రియ భవిష్యత్ కాలంలో ఉన్నా, అది చెప్పేది ఇప్పటి సంగతే. చేతి గడియారం చూసుకున్న మనిషి ‘సెరాన్ లాస్ ఓచో’ అనడు. గడియారం ఎదుట లేనప్పుడు, బయటి వెలుతురునో వీధిలో సందడినో బట్టి లెక్కగట్టినప్పుడే అంటాడు. కంటితో చూసి తెలుసుకున్నదానికి వర్తమానం, ఆనవాళ్ళను బట్టి తేల్చుకున్నదానికి భవిష్యత్తు. ఈ వాడుకకు ఆయువుపట్టు ఈ తేడాయే.

ప్రశ్నల్లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఇంట్లో ఇద్దరు భోజనం చేస్తుండగా తలుపు చప్పుడైందనుకుందాం. ఒకరు రెండోవారితో ‘క్యేన్ సెరా?’ అంటారు. ఎవరై ఉంటారు అని. పక్కనున్న మనిషికి కూడా జవాబు తెలియదని అడిగేవారికి తెలుసు. లేచి తలుపు దగ్గరికి వెళ్ళాక, బయటి మనిషిని అడిగేటప్పుడు మాత్రం ‘క్యేన్ ఎస్?’ అనాలి. ఎవరది అని. బయటున్నవారికి జవాబు తెలుసు కాబట్టి అక్కడ ఊహకు చోటు లేదు. తాళాలు కనబడనప్పుడు తమలో తాము గొణుక్కునే ‘దోందే ఎస్తరాన్ మిస్ యావేస్?’ (నా తాళాలు ఎక్కడున్నాయో) కూడా ఈ కోవలోనిదే. అది ఎవరినీ అడగని ప్రశ్న.

తెలుగువారికి ఇది వింతగా తోచనక్కర్లేదు. ‘ఆయనకు అరవై ఏళ్ళుంటాయి’ అన్నప్పుడు ‘ఉంటాయి’ అనే రూపంతో మనం రేపటి సంగతి చెప్పడం లేదు, ఇప్పటి వయసును అంచనా కడుతున్నాం. స్పానిష్‌లో ఆ వాక్యం ‘తెంద్రా సెసెంతా ఆన్యోస్’. ‘ఈపాటికి ఇంటికి చేరి ఉంటాడు’ అనే మాటకు స్పానిష్ పద్ధతి ‘యా అబ్రా యెగాదో ఆ కాసా’. చేరడం అయిపోయింది, అయిపోయిందన్నది మాత్రం ఊహ. ఇక్కడివరకూ తెలుగు అలవాటు చేయిపట్టి నడిపిస్తుంది.

దారి చీలేది గతం దగ్గర. ‘అప్పటికి ఎనిమిది అయి ఉంటుంది’ అన్నప్పుడు తెలుగులో ‘ఉంటుంది’ మారదు. ‘అప్పటికి’ అన్న మాట ఒక్కటే కాలాన్ని వెనక్కి జరుపుతుంది. స్పానిష్ అందుకు ఒప్పుకోదు. ఊహిస్తున్న సంగతి గతానిదైతే భవిష్యత్ కాలాన్ని తీసేసి షరతు రూపం పెట్టాలి. ‘సెరీయాన్ లాస్ ఓచో క్వాందో యెగో’ అంటే, అతడు వచ్చేసరికి ఎనిమిదై ఉంటుంది. అక్కడ ‘సెరాన్’ అంటే వాక్యం నిలబడదు. తెలుగు పద్ధతిలో ఆలోచించేవారు జారిపడే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

ఒక ఉదాహరణను చివరిదాకా నడిపిస్తే సంగతి తేటపడుతుంది. మాడ్రిడ్‌లోని ఒక ఆఫీసు. ఉదయం తొమ్మిదైంది. మార్తా సీటు ఖాళీగా ఉంది. పక్క సీటులో ఉన్నవారు ‘ఎస్తరా ఎన్‌ఫెర్మా’ అంటారు. ఒంట్లో బాగోలేదేమో అని. ఆమె ఇప్పుడున్న స్థితిని ఊహిస్తున్నారు కాబట్టి సాదా భవిష్యత్ కాలం. ఇంకొకరు ‘అబ్రా పెర్దీదో ఎల్ త్రెన్’ అంటారు. రైలు తప్పిపోయి ఉంటుంది అని. రైలు తప్పడం ఈలోగా జరిగిపోయిన పని కాబట్టి ‘అబ్రా’తో పూర్ణ రూపం. వారం గడిచాక ఎవరో ఆ రోజు సంగతి తీస్తారు. తొమ్మిదింటికి మార్తా రాలేదు, కారణం ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు మొదటి ఊహ ‘ఎస్తరీయా ఎన్‌ఫెర్మా’ అవుతుంది, రెండోది ‘అబ్రీయా పెర్దీదో ఎల్ త్రెన్’ అవుతుంది. ఊహలు మారలేదు, మనిషి మారలేదు. చూస్తున్న క్షణం మాత్రం ఈరోజు నుంచి ఆరోజుకు జరిగింది. ఆ జరుగుబాటుకు తగ్గట్టు ‘ఆ’ స్థానంలో ‘ఈయా’ వచ్చి చేరింది.

వెనిజులాలో పుట్టి చిలీలో స్థిరపడిన వ్యాకరణవేత్త ఆంద్రేస్ బేయో 1847లో అచ్చువేసిన వ్యాకరణంలో షరతు రూపానికి ‘పోస్‌ప్రెతేరితో’ అని పేరు పెట్టాడు. గతంలోని ఒక క్షణానికి తర్వాతది అని దాని భావం. ‘వస్తానని చెప్పాడు’ అనే మాటను స్పానిష్‌లో ‘దీఖో కే వెంద్రీయా’ అంటారు. చెప్పడం గతం, రావడం ఆ గతానికి తర్వాతి సంగతి. బేయో పేరు ఈ వాడుకకు అతికినట్టు సరిపోతుంది. ఊహ విషయంలోనూ అదే సూత్రం పనిచేస్తుంది. భవిష్యత్ కాలం ఈ క్షణంలో నిలబడి అందనిదాన్ని అంచనా కడుతుంది, షరతు రూపం గతించిన క్షణంలో నిలబడి ఆ పని చేస్తుంది. ఆ తర్వాతి కాలంలో స్పెయిన్ రాయల్ అకాడమీ ఈ రూపాన్ని కొన్నాళ్ళు వేరే క్రియావిధంగా లెక్కవేసి, చివరకు మిగతా కాలాల పక్కనే కూర్చోబెట్టింది. బేయో చూపు సరైనదని ఈ ఉదాహరణలు చూస్తే అనిపిస్తుంది.

ఒకే రూపం రేపటికీ ఊహకూ పనిచేస్తుంటే, వినేవారు తేడా ఎలా పోల్చుకుంటారు? ‘ఎస్తరా ఎన్ కాసా’ అన్నది విడిగా వింటే ఇంట్లో ఉంటుంది అని కావచ్చు, ఇప్పుడు ఇంట్లో ఉండి ఉంటుంది అని కావచ్చు. ‘మన్యానా’ (రేపు) చేరిస్తే మొదటిది, ‘ఆవోరా’ (ఇప్పుడు) చేరిస్తే రెండోది. అవేవీ లేనప్పుడు క్రియ స్వభావమే దారి చూపిస్తుంది. ఉండడం, కలిగి ఉండడం, తెలియడం వంటి స్థితిని చెప్పే క్రియలు ఊహకు ఇట్టే ఒదుగుతాయి. రావడం, పగలడం వంటి చప్పున జరిగిపోయే పనులు ఒదగవు. ‘మార్తా యెగరా’ అంటే మార్తా వస్తుంది అనే అర్థం చేసుకుంటారు. ఈపాటికి వస్తూ ఉంటుంది అని ఊహించాలంటే ‘ఎస్తరా యెగాందో’ అని, జరుగుతున్న పనిగా మార్చి చెప్పాలి.

ఊహ నుంచే మరో చక్కని వాడుక పుట్టింది. ‘సెరా రీకో, పెరో నో లో పరేసే’ అంటే, ధనవంతుడే కావచ్చు, కానీ అలా కనబడడు. ఎదుటివారు అన్నదాన్ని కాసేపటికి ఒప్పుకుని, వెంటనే ‘కానీ’ అని అడ్డుతగలడానికి ఈ రూపం పనికొస్తుంది. గతం గురించైతే ‘సెరీయా రీకో, పెరో’ అని మొదలుపెడతారు.

షరతు రూపానికి పేరు తెచ్చిన షరతు వాక్యాల్లో ఒక కట్టుబాటు ఉంది. డబ్బుంటే కొనేవాణ్ణి అనేందుకు ‘సి తువియేరా దినేరో, లో కొంప్రరీయా’ అంటారు. ‘కొనేవాణ్ణి’కి షరతు రూపం, ‘ఉంటే’కు వేరే రూపం. రెండు చోట్లా షరతు రూపం పెట్టి ‘సి తెంద్రీయా’ అనడం ఉత్తర స్పెయిన్‌లో, ముఖ్యంగా బాస్క్ ప్రాంతంలో మాటల్లో వినిపిస్తుంది గానీ బడిలో తప్పుగానే లెక్క. మర్యాదగా అడిగేటప్పుడు వాడే ‘పోద్రీయా’ (చేయగలరా) కూడా షరతు రూపమే. ‘మీకు వీలైతే’ అనే షరతు అందులో దాగి ఉంటుంది.

పత్రికల్లో ఇంకో వాడుక ఉంది. ‘ఎల్ మినిస్త్రో అబ్రీయా దిమితీదో’ అని శీర్షిక వస్తే, మంత్రి రాజీనామా చేసినట్టు సమాచారం అని చదువుకోవాలి. దీన్ని వదంతి షరతు రూపం అంటారు. లాటిన్ అమెరికా పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది. శైలి మార్గదర్శకాలు దీన్ని ఫ్రెంచి ప్రభావంగా చూసి వద్దంటాయి. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. మార్తా విషయంలో ‘అబ్రీయా పెర్దీదో’ అన్నవారు తమ ఊహను తమదిగానే చెప్పుకున్నారు. పత్రిక శీర్షికలో అదే రూపం ఎవరి మాటో తెలియనివ్వదు. ఊహ విలేకరిదా, వదంతి ఊరిదా అన్నది క్రియను చూసి పోల్చుకోలేం. అందుకే ఆ మార్గదర్శకాలు మాట ఎవరు చెప్పారో వాక్యంలోనే రాయమంటాయి.