స్లీపర్ అంటే అక్కడ వేరు: ఐరోపా రాత్రి రైలులో మూడు రకాల చోట్లు

ఆస్ట్రియా ప్రభుత్వ రైల్వే సంస్థ ఓబీబీ నడిపే రాత్రి రైళ్ల పేరు నైట్‌జెట్. జర్మనీ రైల్వే తన పడక రైళ్లను 2016 డిసెంబరులో మానుకున్నప్పుడు, వాటిలో కొన్ని మార్గాలను ఆస్ట్రియా తీసుకుంది. ఇప్పుడు పశ్చిమ, మధ్య ఐరోపాలో రాత్రి ప్రయాణం అనగానే ముందుగా గుర్తొచ్చే పేరు ఇదే. ఈ రైళ్లలో సాధారణంగా మూడు రకాల చోట్లు అమ్ముతారు: కూర్చునే సీటు, కూషెట్, స్లీపర్ క్యాబిన్.

భారతీయ ప్రయాణికుడు తికమకపడేది ఈ చివరి పేరు దగ్గరే. మన దగ్గర స్లీపర్ క్లాసు అంటే రైలులో పడక దొరికే అతి చవక తరగతి. అక్కడ స్లీపర్ అంటే అన్నిటికన్నా ఖరీదైనది, తలుపు వేసుకుని పడుకునే గది. మన త్రీ టయర్‌కు దగ్గరగా ఉండేది కూషెట్. పడుకోవడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చింది. జర్మన్‌లో కూషెట్ బోగీని లీగెవాగన్ అనీ, స్లీపర్ బోగీని ష్లాఫ్‌వాగన్ అనీ అంటారు. టికెట్ మీద ఈ రెండు మాటల్లో ఏది ఉందో చూసుకుంటే దాదాపు సగం అయోమయం తీరిపోతుంది.

పాత కూషెట్ గదిలో ఎదురెదురుగా మూడేసి చొప్పున ఆరు బెర్తులుంటాయి. కొంచెం ఎక్కువ ఇస్తే నలుగురికే కేటాయించిన గది దొరుకుతుంది. దిండు, దుప్పటి, పరచుకునే గుడ్డ ఇస్తారు. పక్క ఎవరిది వారే వేసుకోవాలి. తెల్లవారాక రొట్టెలు, వెన్న, జామ్, కాఫీ లేక టీ వస్తాయి. మన బోగీకీ దీనికీ ఉన్న పెద్ద తేడా తలుపు. కూషెట్ గదికి తలుపు ఉంటుంది, లోపలి నుంచి గడియ పెట్టుకోవచ్చు. కానీ గదిలో మిగతా బెర్తుల్లో ఉండేది తెలియనివాళ్లే, ఆడా మగా కలిసే ఉంటారు. ఒంటరిగా వెళ్లే మహిళలు బుక్ చేసేటప్పుడు మహిళల గదిని విడిగా ఎంచుకోవచ్చు.

కొత్త తరం రైళ్లు 2023 డిసెంబరులో హాంబర్గ్ నుంచి వియన్నాకు, ఇన్స్‌బ్రుక్‌కు నడవడం మొదలైంది. ఏడు బోగీల ఈ రైలులో రెండు సీట్లవి, మూడు కూషెట్లవి, రెండు స్లీపర్లవి. కూషెట్ బోగీల్లో వచ్చిన కొత్త ఏర్పాటు మినీ క్యాబిన్. ఒక మనిషి పట్టే గూడు అది. మూసుకునే తలుపు, చిన్న బల్ల, దీపం ఉంటాయి. చేతిసంచికి, బూట్లకు తాళమున్న పెట్టెలు విడిగా ఉంటాయి. ఒంటరి ప్రయాణికుడికి ఇది చక్కని మార్గం. పెద్ద సూట్‌కేసుతో వచ్చేవారికి మాత్రం అంత అనువు కాదు, అది ఆ పెట్టెలో పట్టదు.

స్లీపర్ క్యాబిన్‌లో పక్కలు వేసి ఉంచుతారు. పాత బోగీల్లో మామూలు గదికి వాష్‌బేసిన్ మాత్రమే ఉంటుంది. డీలక్స్ అయితే స్నానానికి షవర్, టాయ్‌లెట్ గదిలోనే. కొత్త రైలులో ప్రతి స్లీపర్ గదికీ ఇవి రెండూ ఉన్నాయి. పొద్దున టిఫినుకు ఏమేం కావాలో రాత్రే ఒక కాగితం మీద గుర్తు పెట్టి అటెండెంటుకు ఇవ్వాలి. దిగే చోటికి ముందు నిద్ర లేపే పని కూడా అతనిదే.

సీటు గురించి చెప్పేది తక్కువ. ఖర్చు తక్కువే, పడుకునే వీలు మాత్రం లేదు. దారిలో అర్ధరాత్రి ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఉంటారు, రాకపోకలు ఆగవు, సామాను మీద ఒక కన్నేసి ఉంచాలి. నాలుగైదు గంటల దూరానికి పరవాలేదు. పన్నెండు గంటలకు వద్దనే చెప్పాలి.

ఇక బుకింగ్. మన రైల్వే 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తోంది. నైట్‌జెట్‌లో మామూలుగా ఆరు నెలల ముందు నుంచి టికెట్లు దొరుకుతాయి. అయితే పట్టాల మరమ్మతులున్న తేదీలకు, డిసెంబరులో టైంటేబుల్ మారాక వచ్చే రోజులకు ఆలస్యంగా తెరుస్తారు. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ లాంటివి లేవు. చోటు అయిపోతే అయిపోయినట్టే. తత్కాల్ కూడా లేదు. గిరాకీ పెరిగే కొద్దీ ధర పెరుగుతుంది. అతి చవక టికెట్‌ను రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. తేదీ మారవచ్చని అనుమానముంటే కాస్త ఎక్కువైనా రద్దుకు వీలున్న టికెట్ తీసుకోవడమే మేలు.

దీనికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. కొనేది ఒక బెర్తా, మొత్తం గదా అన్నది ముందే తేల్చుకోవాలి. స్లీపర్‌లో బెర్తు విడిగా కొంటే మగవారిని ఒక గదిలో, ఆడవారిని మరో గదిలో ఉంచుతారు. మొత్తం గది కొన్నవారికి ఈ విభజన వర్తించదు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. హాంబర్గ్‌లో చదివే అమ్మాయి దగ్గరికి విజయవాడ నుంచి తల్లిదండ్రులు వచ్చారు, ముగ్గురూ వియన్నా వెళ్లాలి. తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి చొప్పున స్లీపర్ బెర్తులు కొంటే ఇద్దరూ చెరో గదిలో తెలియని తోడుతో పడుకోవాల్సి వస్తుంది. అందుకని వారిద్దరికీ ఇద్దరి గదిని మొత్తంగా, అమ్మాయికి మినీ క్యాబిన్‌ను తీసుకోవచ్చు. ఖర్చు తగ్గాలంటే నలుగురి కూషెట్‌లో మూడు బెర్తులు చాలు, నాలుగో బెర్తులో ఎవరైనా రావచ్చు. ఆ గది మొత్తం తమకే కావాలంటే దానికీ ఒక ధర ఉంటుంది. ఒక బెర్తు ఖాళీగా పోయినా ఫరవాలేదనుకుంటే అదే సుఖం.

పాస్‌లతో వెళితే మరో మెలిక. భారత్‌లో నివసించే తల్లిదండ్రులు యూరెయిల్ పాస్ కొనాలి. జర్మనీలో నివాసమున్న అమ్మాయికి వర్తించేది ఇంటర్‌రెయిల్. అది సొంత నివాస దేశంలో ఒక వెళ్లే ప్రయాణానికి, ఒక తిరుగు ప్రయాణానికి మాత్రమే పనిచేస్తుంది. ఏ పాస్ అయినా ప్రయాణ ఛార్జీకే సరిపోతుంది. సీటుకైనా, బెర్తుకైనా రిజర్వేషన్ రుసుము విడిగా కట్టాలి, పాస్‌వాళ్లకు కేటాయించే చోట్లు పరిమితం. అర్ధరాత్రికి ముందే ఎక్కి మధ్యలో మారకుండా వెళితే, ఎక్కిన రోజు ఒక్కటే ప్రయాణ దినంగా లెక్క. తెల్లవారాక వియన్నాలో మరో రైలెక్కితే ఇంకో దినం ఖర్చవుతుంది.

ప్లాట్‌ఫారం మీద మరో జాగ్రత్త. హాంబర్గ్‌లో ఒకటిగా బయల్దేరే రైలు న్యూరెంబర్గ్‌లో రెండుగా విడిపోతుంది; ఒక భాగం వియన్నాకు, ఇంకొకటి ఇన్స్‌బ్రుక్‌కు. బోగీ నంబరు చూడకుండా ఎక్కి, దొరికిన చోట నిద్రపోయినవారికి పొద్దున ఆల్ప్స్ పర్వతాలు కనబడతాయి, ఊరు మాత్రం వేరేది. సరిహద్దు దాటేటప్పుడు పోలీసులు పత్రాలు చూడవచ్చు, కాబట్టి పాస్‌పోర్టు, షెంగెన్ వీసా చేతికందే చోట ఉంచుకోవాలి.

చివరి నిమిషంలో స్లీపర్ బోగీ చెడిపోయి, రైలు సీట్లతోనే వచ్చిన సందర్భాలూ ఉంటాయి. అప్పుడు తక్కువ తరగతిలో వెళ్లినందుకు తేడా సొమ్ము అడగాలి, అందుకు టికెట్‌ను, రైలు సిబ్బంది రాసిచ్చే ధ్రువీకరణను దాచుకోవాలి. ఐరోపా యూనియన్ నియమాల ప్రకారం గమ్యానికి గంట నుంచి రెండు గంటల లోపు ఆలస్యమైతే సాధారణంగా ఛార్జీలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం అడగవచ్చు. బయల్దేరక ముందే గంట కన్నా ఎక్కువ ఆలస్యం తప్పదని తేలితే, ప్రయాణం మానుకుని పూర్తి సొమ్ము వెనక్కి తీసుకోవడమో, వేరే దారిలో చేర్చమనడమో ప్రయాణికుడి ఇష్టం.